ఉపన్యాసంలో దూరిన బర్రె

వ్యవసాయ శాఖలో నాది పురుగుల మీద ఉద్యోగమని బంధువులు అనుకునేవాళ్ళు. నిజానికి నాది మాటల మీద ఉద్యోగం. డెబ్బైల చివరి నుంచి వరంగల్ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళకు నేను విస్తరణాధికారిని. పదిహేను రోజులకోసారి ఒక్కో ఊరికి వెళ్ళి, పంచాయతీ ఆఫీసు ముందో, బడి వరండాలోనో రైతులను కూర్చోబెట్టి, ఆ పక్షంలో చేలో ఏం చేయాలో చెప్పి రావాలి. వాళ్ళు నాకంటే ఇరవై ముప్పై ఏళ్ళు ముందు నుంచీ సాగు చేస్తున్నవాళ్ళు. నా దగ్గరున్నది ఒక డిగ్రీ, ఒక సైకిలు, శాఖవాళ్ళిచ్చిన కొన్ని కరపత్రాలు. వినకపోవడం వాళ్ళ తప్పని నేనెప్పుడూ అనుకోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు వారం రోజుల శిక్షణ ఇచ్చారు. అందులో ఒకాయన ఉపన్యాసం ఎలా ఇవ్వాలో నేర్పాడు. రైతులకు లెక్కలు చెప్పకండి, మీ సొంత అనుభవం ఒకటి చెప్పండి, అప్పుడు చెవులు ఇటు తిరుగుతాయి అన్నాడు. ఆ అనుభవాన్ని ఉపన్యాసంలో ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పలేదు. టీ వేళయింది.

దాంతో మా శాఖలో అందరూ అనుభవాలు చెప్పడం మొదలుపెట్టారు. మా పై అధికారి అనుభవం ఏమిటంటే, ఆయన ఒకసారి కాజీపేట స్టేషన్‌లో రైలెక్కుతుండగా ఒక చెప్పు జారి పట్టాల మీద పడింది. రెండో చెప్పు ఏం చేయాలా అని ఆయన సికింద్రాబాద్ దాకా ఆలోచించాడు. ఈ కథను ఆయన చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్పేవాడు. చెప్పి, గొంతు సవరించుకుని, "కాబట్టి భాస్వరం ఎరువును దుక్కిలోనే వేయాలి" అనేవాడు. ముందు వరసలోని ముసలి రైతులు చెప్పుకూ భాస్వరానికీ సంబంధం వెతుక్కుంటూ కాసేపు నిజాయితీగా కష్టపడేవాళ్ళు. తర్వాత బీడీలు ముట్టించుకునేవాళ్ళు.

నేను ఆయనను చూసి నవ్వుకునేవాణ్ణి. నా దగ్గర అంతకంటే మంచి అనుభవం ఉందని నా గర్వం. మంచిదే. దాని వల్లే ఐదారేళ్ళు చెడిపోయాను.

అదేమిటో ముందు చెప్పాలి.

డిగ్రీ చివరి సంవత్సరంలో సెలవులకు ఊరొచ్చాను. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా మిరప తోటకు పురుగు పట్టింది. వ్యవసాయం చదువుతున్నవాణ్ణి కదా, ఆ పని నేను చేస్తానని మా నాయిన ముందు గొప్పకు పోయాను. డ్రమ్ములో నీళ్ళు పోసి, సీసాలోని మందు ఒంపాను. అది నీళ్ళలో పడగానే పాలలా తెల్లగా విచ్చుకుంది. కలపడానికి కట్టె కోసం అటూ ఇటూ చూశాను. దూరంగా గట్టు మీద ఉంది. అంత దూరం ఎవరు పోతారని మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పాను. పంపు వీపుకు తగిలించుకుని, చొక్కా విప్పేసి, ఎదురుగాలిలో రెండు గంటలు కొట్టాను. ఎండకు ఒళ్ళంతా చెమట. తర్వాత చేతులు ఊరికే నీళ్ళలో ముంచి అన్నం తిన్నాను. పరీక్షలో ఇవన్నీ చేయకూడదని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నది కూడా నేనే.

సాయంత్రానికి తల దిమ్మెక్కింది. ముసురు కమ్మినట్టు కళ్ళ ముందు మసక. నోట్లోంచి చొంగ ఆగడం లేదు. వాంతులు. ఎడ్లబండి మీద నర్సంపేటకు, అక్కడి నుంచి బస్సులో వరంగల్ దవాఖానకు తెచ్చారు. డాక్టరు నా కంటిపాపలు చూసి, అవి ఆవగింజల్లా ముడుచుకుపోయి ఉన్నాయని నర్సుకు చెప్పి, మా అమ్మ వైపు తిరిగి అడిగాడు, "ఎంత తాగిండు?"

మా అమ్మ ఏడుపు అందుకుంది. ఎందుకంటే ఆ నెలలోనే నాకు ఒక సంబంధం ఖాయమైంది. పిల్ల ఇష్టం లేక కొడుకు మందు తాగాడని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. నేను ఓపిక కూడదీసుకుని, చుక్క కూడా తాగలేదని చెప్పాను. డాక్టరు నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ మళ్ళీ తాగలేదన్నాను. చివరికి ఆయన విసుగ్గా, "తాగకుంటే మరి లోపలికెట్ల పోయింది?" అన్నాడు.

దానికి జవాబు చెప్పే స్థితిలో నేను లేను. విషానికి విరుగుడు సూదులు వేస్తూ పోయారు. ఆ సూదులు ప్రాణం నిలబెడతాయి గానీ ఎక్కువ పడితే కొంతసేపు మతి చెదురుతుంది. నోరు ఎండిపోతుంది, లేనివి కనిపిస్తాయి, చేతులు గాలిలో ఏదో ఏరుకుంటాయి. మర్నాడు నేను ఆ దశలో ఉండగా, అల్లుడు కావలసినవాడు మందు తాగాడన్న కబురు విని మా కాబోయే మామ ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, అనునయంగా నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. నాకు ఆయన మా బర్రెలా కనిపించాడు. ఆయన నాలుగు వేళ్ళూ పట్టుకుని పాలు పిండడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యి లాక్కోబోతే, తన్నకుండా నిలబడమని గదిమాను. వార్డంతా మా మంచం చుట్టూ చేరింది. దూడ కోసం కూడా అడిగానట.

అయినా ఆ మనిషి నాకు పిల్లనిచ్చాడు. పెద్దమనసో, ఇంకో సంబంధం వెతికే ఓపిక లేకో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇదీ నా అనుభవం. పురుగుమందుల జాగ్రత్తల మీద మాట్లాడాల్సి వచ్చిన ప్రతిచోటా దీన్ని మొదట్లోనే పెట్టేవాణ్ణి. నమస్కారం అయిన వెంటనే మిరప తోటతో ఎత్తుకుని, బర్రెతో ముగించేవాణ్ణి. మామ వేళ్ళు ఎలా పట్టుకున్నానో చేసి చూపించేవాణ్ణి. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ నవ్వు తగ్గాక, "అందుచేత సోదరులారా, మందులతో జాగ్రత్త" అని అసలు విషయం మొదలుపెట్టేవాణ్ణి. కట్టెతో కలపండి, గాలికి ఎదురు పోకండి, ఒళ్ళు కప్పుకోండి, పనయ్యాక సబ్బుతో స్నానం చేయండి. అప్పటికి వాళ్ళలో సగంమంది ఇంకా కళ్ళు తుడుచుకుంటూ ఉండేవాళ్ళు. మిగతా సగం తమ తమ మామల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

పేరు మాత్రం వచ్చింది. నా మీటింగులకు మంది పోగవుతున్నారని మా పై అధికారి మెచ్చుకున్నాడు. రిపోర్టులో హాజరు గడి ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆ గడి పక్కన, విన్నదాంట్లో ఎంత గుర్తుందో రాసే గడి లేకపోవడం నా అదృష్టం.

ఆ అదృష్టం నెక్కొండ వైపు ఒక ఊళ్ళో తీరిపోయింది. అక్కడ నెల కింద నా మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. మళ్ళీ ఆ దారిన సైకిల్ మీద పోతుంటే, మిరప తోట గట్టున నలుగురు రైతులు నవ్వుతూ కనిపించారు. వాళ్ళలో ఒకాయన, మీసాలు నెరిసిన బక్కపలచని మనిషి, కథ చెబుతున్నాడు. ఆ కథ నాదే. వాళ్ళను చూసి నాకు ఛాతీ ఉప్పొంగింది. సైకిల్ స్టాండ్ వేసి దగ్గరికి పోయాను. పోయాక చూస్తే, ఆయన ఎడమ చేత్తో బర్రె పాలు పితుకుతున్నట్టు చూపిస్తున్నాడు. కుడి చెయ్యి మోచేతి దాకా డ్రమ్ములో ఉంది. మందు కలుపుతున్నాడు.

నన్ను చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"అగో, బర్రె సారు రానే వచ్చిండు. మీ ముచ్చటే చెప్తాన సారు."

చెయ్యి బయటికి తీయమన్నాను. ఆయన ఏమైందోనని కంగారుగా తీశాడు. మోచేతి దాకా తెల్లగా కారుతోంది. ఆ రోజు నేను మీటింగులో ఏం చెప్పానో గుర్తుందా అని అడిగాను. ఎందుకు గుర్తులేదు, దవాఖానలో మతి తప్పి మామను పిండారు కదా అన్నాడు. మతి ఎందుకు తప్పిందని అడిగాను. ఆయన ఆలోచించాడు. మిగతా ముగ్గురి వైపూ చూశాడు. వాళ్ళూ ఆలోచించారు.

"సూదులు ఎక్కువైనయ్ గద సారు," అన్నాడు. "గా డాక్టర్లు గట్లనే ఏస్తరు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకుపోయి, నా సంచిలోని సబ్బుబిళ్ళతో భుజం దాకా రుద్ది కడిగాను. ఆయన సిగ్గుపడుతూ కడిగించుకున్నాడు. నా ఉపన్యాసం ఆయనకు పూర్తిగా అర్థమైంది. నేను చెప్పిన కథలోంచి ఎవరైనా అదే అర్థం తీస్తారు. దవాఖాన సూదులు పడితే మనిషికి మతి పోతుంది. నవ్వు అక్కడ ఉంది కాబట్టి జ్ఞాపకమూ అక్కడే ఆగింది. ఇంటికి పోతూ దారంతా, ఐదేళ్ళలో ఎంతమంది రైతులకు దవాఖానంటే భయం పుట్టించి ఉంటానా అని లెక్క వేయకుండా ఉండటానికి ప్రయత్నించాను.

అయినా తెలివి రాలేదు. తప్పు కథది కాదు, చోటుది అనుకున్నాను. ముందు పెడితే అసలు విషయం కొట్టుకుపోతోంది కనుక చివర్లో పెట్టాను. ముందు కట్టె, గాలి, సబ్బు అన్నీ వరసగా చెప్పి, ఆఖర్న బర్రెను తెచ్చాను. రెండు ఊళ్ళలో అలా చేశాను. మొదటి ఊళ్ళో జాగ్రత్తలు ముగిసేసరికి ముందు వరస తప్ప అందరూ లేచి చేలకు పోయారు. రెండో ఊళ్ళో అందరూ ఉన్నారు, ఎందుకంటే బర్రె కథ కోసమే వచ్చారు. జాగ్రత్తలు చెబుతున్నంతసేపూ, పెళ్ళిలో భోజనానికి ముందు పంతులు మంత్రాలు చదువుతుంటే చూసినట్టు ఓపికగా నా వైపు చూశారు. కథ అయ్యాక నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. జాగ్రత్తలు నేను కూర్చున్న బెంచీ మీదే మిగిలిపోయాయి.

ఈలోగా అసలు ప్రమాదం ఇంటి వైపు నుంచి వచ్చింది. మా మామ తన మిర్చి బస్తాలతో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చాడు. కాంటా కోసం వరసలో కూర్చుని ఉండగా, పక్క ఊరి రైతులెవరో బర్రె సారు ముచ్చట చెప్పుకుంటున్నారు. ఆయన నవ్వుతూ విన్నాడు. నర్సంపేట దగ్గరి పల్లె అనగానే నవ్వు తగ్గించాడు. మిరప తోట, కాబోయే మామ అనగానే ఆపేశాడు. వాళ్ళలో ఒకడు చివర్న, ఆ మామ మళ్ళీ ఆ అల్లుడికి చెయ్యి ఇవ్వలేదట అని సొంతంగా కలిపాడు.

మిర్చి అమ్ముకుని ఆయన నేరుగా హన్మకొండలో మా ఇంటికి వచ్చాడు. కూతురితో మంచినీళ్ళు తెప్పించుకుని తాగి, నా వైపు చూడకుండా, "జిల్లాల అందరికి నేను బర్రెనైన, బిడ్డా" అని ఆమెతో చెప్పి వెళ్ళిపోయాడు.

నా భార్య ప్రభుత్వ బడిలో మూడో తరగతికి పాఠం చెబుతుంది. వాళ్ళ నాయినను వీధి మలుపు దాకా సాగనంపి వచ్చి, గడప దగ్గరే నిలబడి, ఆ బర్రెను ఉపన్యాసంలోంచి తీసేయమంది. అది తీసేస్తే కథే లేదన్నాను. కథ లేకుంటే నా మీటింగుకు ఎవరూ రారన్నాను. పైగా అది నిజంగా జరిగిందే కదా అన్నాను.

"జరిగిందంత చెప్పాల్నా?" అంది. "జరిగిన దాంట్ల మన పెండ్లి గూడ ఉన్నది. అది చెప్తలేరు గద."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. ఉపన్యాసం అంతా ఒకసారి తన ముందు చెప్పమంది. నేను గోడకు ఆనుకుని నిలబడి మొదలుపెట్టాను. ఆమె తల ఎత్తకుండా ఎర్ర పెన్సిలు పుస్తకాల మీద కదిలిస్తూ వింది. సీసా, డ్రమ్ము, చెయ్యి, ఎదురుగాలి, బండి, బస్సు. డాక్టరు దాకా వచ్చాను. తాగకుంటే మరి లోపలికెట్ల పోయింది అన్నాడు అని చెప్పి, ఇక దవాఖాన మంచం వర్ణించబోతుంటే ఆమె పెన్సిలు ఎత్తింది.

"ఆగుండ్రి. ఎట్ల పోయింది?"

చర్మంలోంచి పోయింది, చేతిలోంచి, చెమట పట్టిన వీపులోంచి అని చెప్పాను. ఇది నాకు తెలిసిన విషయమే కాబట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆమె పెన్సిలు కింద పెట్టింది.

"మీరు జిల్లా అంత తిరిగి చెప్పాల్సింది గదే గద. నేనడిగిన, మీరు చెప్పిన్రు. నడుమ మా బాపు ఎందుకొచ్చిండు?"

తర్వాత ఆమే చెప్పింది, పెద్ద విషయం చెబుతున్నట్టు కాకుండా, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. మూడో తరగతి పిల్లలకు తాను కథ చెప్పేది కూడా కథ కోసం కాదు. వాళ్ళ నోట్లో ఒక ప్రశ్న పుట్టేదాకా చెబుతుంది. పుట్టగానే ఆపుతుంది. ఆ ప్రశ్నకు జవాబే ఆ రోజు పాఠం. ఆపాల్సిన చోట ఆపకుండా ఇంకా చెబితే పిల్లలు ప్రశ్న మరిచిపోయి కథ వెంట పోతారు, మళ్ళీ పట్టుకురావడం తన వల్ల కాదంది. మొదలు కూడా అంతే. పొద్దున్నే రాగానే కథ మొదలుపెడితే అది దేనికో వాళ్ళకు తెలియదు. ముందు వాళ్ళు రోజూ చేసే పని గురించి ఒక మాట అడగాలి. వాళ్ళు దానికి జవాబు చెప్పాక కథ చెబితే, అది తమ కథే అనుకుని వింటారు.

మరి మా అమ్మ ఏడ్చింది, పెళ్ళి ఇష్టం లేక తాగాననుకున్నారు, అదైనా ఉంచనా అని అడిగాను. అమ్మ ఏడ్చిన మాట ఉంచమంది, ఎందుకంటే తాగితేనే విషం ఎక్కుతుందని అందరూ అనుకుంటారనే సంగతి దాంట్లో ఉంది. పెళ్ళి తీసేయమంది. పెళ్ళి అంటే మంది పిల్ల ఎవరని అడుగుతారు. ఇంకో మాట కూడా అంది. డాక్టరు ప్రశ్న తర్వాత "అందుచేత సోదరులారా" అనవద్దంది. ఆ మాట వినగానే కథ అయిపోయింది, ఇక సర్కారు మాటలు మొదలయ్యాయి అని ఎవరికైనా తెలిసిపోతుందంది.

ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారికి పది నిమిషాల కథ మూడు నిమిషాలకు వచ్చింది. నాకు అది ఈకలు పీకిన కోడిలా కనిపించింది. అలాగని పైకి అనలేదు.

ఎనుమాముల యార్డులో మిర్చి సీజన్‌లో రైతుల సదస్సు పెట్టారు. షెడ్డులో బస్తాలు జరిపి జాగా చేశారు. గాలి నిండా మిర్చి ఘాటు, వేదిక మీదివాళ్ళతో సహా అందరూ దగ్గుతూనే ఉన్నారు. మా పై అధికారి ముందు మాట్లాడాడు. చెప్పు జారిన కథ చెప్పి, గ్రేడింగు చేసుకుంటే మంచి ధర వస్తుందన్నాడు. తర్వాత నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడి చూస్తే మూడో వరసలో మా మామ ఉన్నాడు. తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని, రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి దాచుకున్నాడో, మామూలుగానే అలా కూర్చున్నాడో తెలియదు.

నమస్కారం చెప్పి అడిగాను. మందు కలిపేటప్పుడు కట్టెతో కలిపేవాళ్ళెవరు, చేత్తో కలిపేవాళ్ళెవరు, దాచకుండా చెప్పమన్నాను. మొదట ఎవరూ కదల్లేదు. చేత్తో కలిపినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే అని నా చెయ్యి ఎత్తాను. అప్పుడు ఒకటీ అరా, తర్వాత షెడ్డు నిండా చేతులు లేచాయి. నవ్వుతూనే లేచాయి. ఆ చేతులు ఇంకా పూర్తిగా దిగకముందే మా మిరప తోటలోకి వెళ్ళాను.

సీసా దగ్గర ఉండగానే వెనక నుంచి ఎవరో, బర్రె ముచ్చట చెప్పు సారు అన్నారు. ఇంకో నలుగురు అందుకున్నారు. నిజం చెప్పాలంటే నోరు ఊరింది. ఆ కథ చెబితే ఆ షెడ్డు కప్పు ఎగిరిపోతుందని నాకు తెలుసు. అప్పుడు మూడో వరసలో మా మామ లేచాడు. వెనక్కి తిరిగి, తొందరేమీ లేకుండా అన్నాడు.

"గా బర్రెను నేనే. నా ముచ్చట నేనే చెప్త, టీ తాగేటప్పుడు రాండ్రి. ముంగల మా అల్లుడు చెప్పేది ఇనుండ్రి."

షెడ్డు ఒక్కసారిగా నవ్వింది, వెంటనే సర్దుకుంది. ఆయన కూర్చున్నాడు. నేను మళ్ళీ డ్రమ్ము దగ్గర నుంచి ఎత్తుకున్నాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పాను. ఎదురుగాలిలో కొట్టాను. సాయంత్రానికి చూపు మసకబారింది, చొంగ కారింది, దవాఖానకు తెచ్చారు. డాక్టరు ఎంత తాగిండని అడిగాడు, మా అమ్మ ఏడ్చింది. చుక్క కూడా తాగలేదని నేను చెప్పాను. తాగకుంటే మరి లోపలికెట్ల పోయింది అన్నాడు డాక్టరు.

అక్కడ ఆపాను. ఆపడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. గొంతు దానంతట అదే దవాఖాన మంచం వైపు పోతోంది. మైకు స్టాండు గట్టిగా పట్టుకుని మౌనంగా నిలబడ్డాను. కొన్ని క్షణాలు దగ్గులు తప్ప ఏమీ లేవు. తర్వాత ముందు వరసలో ఒక రైతు, తనతో తాను అనుకున్నట్టు, "అవు, ఎట్ల పోయింది మరి?" అన్నాడు.

నేను చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి పైకి ఎత్తాను. ఇట్ల పోయింది అన్నాను. మందు నోటితో తాగక్కర్లేదు, తోలు తాగుతుంది, చెమట పట్టిన తోలు ఇంకా ఎక్కువ తాగుతుంది. సగం మంది తమ కుడిచెయ్యి వైపు చూసుకుంటున్నారు. కట్టె సంగతి చెప్పాను, వాళ్ళకది ఇక జాగ్రత్త కాదు, డాక్టరు ప్రశ్నకు జవాబు. గాలి వీపు వైపు నుంచి ఎందుకు రావాలో చెప్పాను. నిండు చేతుల చొక్కా ఎందుకో, అన్నం ముందు సబ్బు ఎందుకో, ఎవరికైనా చూపు మసకబారితే ఒంటి మీది బట్టలు విప్పేసి, సబ్బునీళ్ళతో కడిగి, సీసా చేతపట్టుకుని దవాఖానకు ఎందుకు ఉరకాలో చెప్పాను. సూదులకు భయపడొద్దని మరీ మరీ చెప్పాను. ఆ బాకీ నాది.

నవ్వులు తక్కువ. ప్రశ్నలు ఎక్కువ. సబ్బు దొరకకపోతే బూడిద పనికొస్తుందా అని ఒకాయన అడిగాడు. పంపు కారి వీపు తడుస్తోంది, గోనెపట్టా కట్టుకుంటే చాలా అని ఇంకొకాయన అడిగాడు. గోనె తడిని పట్టి ఉంచుతుంది, ఇంకా చేటు, ముందు పంపు బాగు చేయించమన్నాను. ఐదారేళ్ళలో నా ఉపన్యాసం తర్వాత ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. అంతకు ముందు అడిగిన ప్రశ్నలన్నీ దూడ గురించే.

సదస్సు అయ్యాక టీ దగ్గర మా మామ చుట్టూ మంది మూగారు. ఆయన తన కథ చెబుతున్నాడు, నాకంటే బాగా. నేను అటు పోలేదు. కరపత్రాలు సర్దుకుంటుంటే షెడ్డు పక్క నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. యార్డులో మిర్చికి తొడిమెలు తీసే కూలీ. నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది, మాట్లాడటానికి దాన్ని కిందికి లాగింది. సదస్సుకు ఆమెను ఎవరూ పిలవలేదు, పని చేసుకుంటూ అక్కడి నుంచే విన్నది.

"సారు, మా ఇంట్ల మందు కొట్టేది ఆయన. నేను డ్రమ్ము ముట్ట," అంది. "ఆయన అంగీ, లుంగీ నేనే పిండుత. పిల్లల బట్టలతోని కలిపే నానవెడ్త. మరి నాకెట్ల?"

నా కాగితాల్లో దానికి జవాబు లేదు. శాఖ కరపత్రంలోనూ లేదు. అంగీ విప్పిన తర్వాత దాన్ని ఎవరు ఉతుకుతారని మాలో ఒక్కరికీ తోచలేదు. నేను చదివిన చదువులోంచి వెతుక్కుని నెమ్మదిగా చెప్పాను. ఆ బట్టలు విడిగా ఉంచాలి, పిల్లలవాటితో కలపకూడదు, ముట్టేముందు చాలా నీళ్ళు పోసి వదిలేయాలి, తర్వాత సబ్బు పెట్టాలి, ఆ నీళ్ళు బావి దగ్గర పోయకూడదు, అయ్యాక ఆమె కూడా చేతులు బాగా కడుక్కోవాలి. ఆమె ఒక్కోదాన్నీ వేలు మడుచుకుంటూ తిరిగి చెప్పింది. మొదటి రెండూ చేయగలనంది. నీళ్ళు దూరం నుంచి మోసుకొస్తాం, అన్నన్ని పోయడం కాదంది. అయితే ఆయన అంగీని ఆయననే పిండుకోమని చెప్పు అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"గది మీరు మైకుల చెప్పుండ్రి," అంది.

ఆ తర్వాతి పక్షం నుంచి నా ఉపన్యాసంలో అంగీ సంగతి చేరింది. చేతుల్లెత్తమని అడిగేటప్పుడే ఇంకో ప్రశ్న కూడా అడిగేవాణ్ణి, మందు కొట్టిన రోజు మీ బట్టలు ఎవరు ఉతుకుతారని. మగవాళ్ళు నేల చూపులు చూసేవాళ్ళు. ఆడవాళ్ళు వెనక నుంచి జవాబు చెప్పేవాళ్ళు.